కొత్త మేనేజర్‌కి మొదటి మెయిల్: అనుభవం ఎంత చెప్పాలి?

ప్రశ్న: ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఈ సోమవారమే ఒక పేమెంట్స్ కంపెనీలో చేరాను. నన్ను ఇంటర్వ్యూ చేసినాయన వేరే టీమ్‌కి మారిపోయారు. ఇప్పుడున్న మేనేజర్‌కి నా గురించి పెద్దగా తెలియదు. పరిచయం మెయిల్ ఇలా రాసుకున్నాను: "నాకు టెస్టింగ్‌లో ఆరేళ్ల విస్తృత అనుభవం ఉంది. ఆటోమేషన్‌లో నిపుణుడిని. పాత కంపెనీలో రిగ్రెషన్ మొత్తం నేనే నడిపించాను. అయినా ఇక్కడ కొత్తవాడినే, అన్నీ మీ దగ్గరే నేర్చుకోవాలి. తప్పులుంటే క్షమించండి." గొప్పలు చెప్పుకున్నట్టు ఉందా? తగ్గిస్తే ఫ్రెషర్‌లా చూస్తారేమోనని టెన్షన్.

జవాబు: గొప్పలు చెప్పుకున్నట్టే ఉంది, మరీ తగ్గినట్టూ ఉంది. మొదటి మూడు వాక్యాల్లో నిపుణుడు, చివరి రెండు వాక్యాల్లో ఏమీ తెలియని మనిషి. చదివేవారికి ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియదు. పైగా ఆయనకి కావలసింది ఈ రెండింటిలో ఏదీ కాదు. టీమ్‌లోకి కొత్త మనిషి వస్తే మేనేజర్ చూసేది రెండే: ఇప్పటికిప్పుడు ఏ పని అప్పగించవచ్చు, ఎక్కడ సాయం అవసరమవుతుంది. మీ మెయిల్ వాటికి జవాబు చెబితే చాలు.

ముందు అనుభవం సంగతి. "విస్తృత", "నిపుణుడిని" లాంటి మాటలు తీసేసి, ఆ స్థానంలో చేసిన పని ఒకటి పెట్టండి. "మొత్తం నేనే" అన్నది మరీ ప్రమాదం. రిగ్రెషన్ సాధారణంగా ఒక్కరే నడపరని మేనేజర్‌కి తెలుసు. టీమ్ ఎంత, అందులో మీ వంతు ఏమిటి అని విడదీసి రాస్తే చిన్నగా కనిపిస్తుందేమో అనుకుంటారు గానీ, నిజానికి అదే నమ్మకంగా ఉంటుంది. ఒక అంకె ఇవ్వండి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగినా వివరించగలిగేదే ఇవ్వండి. పాత కంపెనీ క్లయింట్ల పేర్లు, లోపలి లెక్కలు మాత్రం వద్దు. మీరు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం ఉద్యోగం మారినా చాలావరకు వర్తిస్తుంది. అదీగాక, వాళ్ల విషయాలు ఇక్కడ చెప్పినవాడు రేపు మా విషయాలు ఇంకోచోట చెప్తాడన్న అనుమానం రావడం సహజం.

ఇక వినయం. "అన్నీ నేర్చుకోవాలి" అంటే మేనేజర్ దాన్ని మర్యాద కింద తీసుకోవచ్చు, నిజం కిందా తీసుకోవచ్చు. నిజమనుకుంటే నెల రోజులు ట్రైనింగ్ వీడియోలే. తెలియనిదాన్ని పేరుపెట్టి చెప్పండి. మీకు పేమెంట్స్ కొత్తయితే అదే రాయండి, దానికి ఏం చేస్తున్నారో కూడా రాయండి. ఇది తెలియదని తేల్చి చెప్పిన మనిషి, తెలుసన్నది కూడా నిజమే అయ్యుంటుందని అనిపిస్తుంది. జరగని తప్పులకి క్షమాపణ ఎందుకు? ఆ వాక్యం కొట్టేయండి.

మీ వివరాలతో మార్చుకునేలా ఒక నమూనా ఇస్తున్నాను. మీ ఆఫీసులో మెయిళ్లు ఏ భాషలో నడిస్తే ఆ భాషలో రాసుకోండి.

"సబ్జెక్ట్: పరిచయం – సోమవారం చేరిన టెస్టర్

నమస్తే. సోమవారం మీ టీమ్‌లో టెస్టర్‌గా చేరాను. ఇంటర్వ్యూలో మనం కలవలేదు కాబట్టి క్లుప్తంగా నా గురించి రాస్తున్నాను.

ఆరేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. గత ఉద్యోగంలో నలుగురు టెస్టర్ల టీమ్‌లో రిగ్రెషన్ ఆటోమేషన్ నా బాధ్యత. రెండు రోజులు పట్టే రన్‌ని నాలుగు గంటలకి తీసుకొచ్చాం. ఏపీఐ టెస్టులు వెంటనే మొదలుపెట్టగలను.

పేమెంట్స్ నాకు కొత్త. రీఫండ్, సెటిల్‌మెంట్ ఎలా నడుస్తాయో ఈ వారం టీమ్ డాక్యుమెంట్లలో చదువుతున్నాను. సందేహాలు ముందు టీమ్‌లో అడుగుతాను.

మొదటి రెండు వారాల్లో నేను ముందుగా ఏ మాడ్యూల్ చూస్తే టీమ్‌కి ఉపయోగం?"

చివరి ప్రశ్న గమనించండి. ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. "మీ ఎక్స్‌పెక్టేషన్స్ ఏమిటి?" అని అడిగితే తీరిగ్గా రాద్దామని పక్కన పెడతారు, ఆ తీరిక రాదు. ఇందులో లేనిదాన్ని కూడా గమనించండి: "మా పాత కంపెనీలో ఇలా చేసేవాళ్లం" అన్న సలహా. ఇక్కడి పద్ధతి అలా ఎందుకుందో తెలియకముందే దాన్ని మార్చమనడం, ఎంత మర్యాదగా అన్నా, తప్పు పట్టినట్టే వినిపిస్తుంది.

రెజ్యూమే జత చేయకండి, టీమ్ మొత్తానికి కాపీ పెట్టకండి. పంపేది బుధ, గురువారాల్లో అయితే బాగుంటుంది. అప్పటికి టీమ్ పని కొంచెం అర్థమై, ప్రశ్న సరిగ్గా అడగగలుగుతారు. ఈలోగా ఆయనతో విడిగా మీటింగ్ ఉంటే దానికి ముందురోజే పంపేయండి. జవాబు రాకపోతే మళ్లీ పంపకుండా, కలిసినప్పుడు ఆ మాడ్యూల్ ప్రశ్న నోటితో అడగండి. "తొందరేం లేదు, ముందు ట్రైనింగ్ చూసుకోండి" అంటే సరేనని, ట్రైనింగ్‌తో పాటు చిన్న ఏపీఐ టెస్ట్ ఏదైనా ఇవ్వమని అక్కడే అడిగేయండి.