బాగుందన్నవాళ్లనే కాదు, అందర్నీ అడుగు

మేడమ్, మాది అనంతపురం. బీకాం ఫైనలియర్ చదువుతున్నాను, తర్వాత డిజిటల్ మార్కెటింగ్‌లోకి వెళ్లాలని ఉంది. మా అమ్మకు కమలానగర్‌లో మగ్గం వర్క్ చేసి బ్లౌజులు కుట్టే షాపు ఉంది. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటారు కానీ గూగుల్లో ఎవరూ రాయరు, 22 రివ్యూలు, 4.0 రేటింగ్ అంతే. ఒకతను ఫోన్ చేసి డబ్బులిస్తే వంద ఫైవ్ స్టార్లు పెట్టిస్తానన్నాడు. ఫైవ్ స్టార్ ఇస్తే ఫాల్, పీకో ఫ్రీ అని బోర్డు పెడదామా అని నేననుకుంటున్నా. లేదా బాగుందన్నవాళ్లకే లింక్ పంపితే సరిపోతుందా? ఇదంతా రెజ్యూమేలో పెట్టుకోవచ్చా?

చూడమ్మా, ముందు ఆ ఫోన్ చేసినతని సంగతి తేల్చేద్దాం. అతను పెట్టించేవి మీ షాపు గడప కూడా తొక్కనివాళ్ల అకౌంట్ల నుంచి వస్తాయి. అలాంటి అకౌంట్ ఒకటి తెరిచి చూడు, ఒకే రోజు ఎక్కడో ఉత్తరాదిలో ఒక డెంటిస్టుకి, ఇంకెక్కడో ఒక పెట్రోల్ బంకుకి, మరో ఊళ్లో కోచింగ్ సెంటర్‌కి ఫైవ్ స్టార్లు ఇచ్చి ఉంటుంది. గూగుల్ ఇలాంటివాటిని పట్టుకుంటే ఆ రివ్యూలు తీసేయడంతో ఊరుకోకపోవచ్చు. కొంతకాలం మీ షాపుకి కొత్త రివ్యూలు రాకుండా ఆపొచ్చు, ఉన్న రివ్యూలు కూడా కనిపించకుండా చేయొచ్చు, నకిలీ రివ్యూలు తొలగించామని మీ ప్రొఫైల్ మీదే హెచ్చరిక పెట్టొచ్చు. అంటే మీ అమ్మ కష్టపడి సంపాదించుకున్న ఆ 22 కూడా కనపడకుండా పోయే ప్రమాదం ఉంది. పెళ్లి బ్లౌజు కోసం షాపు వెతుక్కుంటున్న అమ్మాయికి ముందు ఆ హెచ్చరికే కనిపిస్తే ఇంక లోపలికి ఎందుకొస్తుంది?

ఫాల్, పీకో ఫ్రీ బోర్డు కూడా వద్దు. నీ ఉద్దేశం మంచిదే, కానీ రివ్యూకి బదులుగా డబ్బు, డిస్కౌంట్, ఉచిత సేవ, ఏదిచ్చినా గూగుల్ నిబంధనల ప్రకారం తప్పే. ఫైవ్ స్టార్ అన్న మాట తీసేసి 'రివ్యూ రాస్తే ఫ్రీ' అని పెట్టినా తప్పే, అక్కడ చాలామంది పొరబడతారు. పండక్కి అందరికీ ఫాల్ ఫ్రీగా వేసిస్తే అది మీ ఇష్టం, రివ్యూతో ముడిపెట్టనంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక అసలు ప్రశ్న నీ మూడోది. ఎందుకంటే చాలా షాపులు తెలియకుండానే ఈ తప్పు చేస్తున్నాయి, కొందరు దీన్ని కోర్సుల్లో చిట్కాగా కూడా నేర్పిస్తున్నారు. ముందు వాట్సాప్‌లో 'బ్లౌజు నచ్చిందా?' అని అడగడం, నచ్చిందంటే గూగుల్ లింక్ పంపడం, లేదంటే 'మాకే చెప్పండి, సరిచేస్తాం' అని లింక్ ఇవ్వకుండా ఆపేయడం. చూడ్డానికి మర్యాదగానే ఉంటుంది. కానీ మంచి రివ్యూలు రాసేవాళ్లని ఏరి అడగడం, చెడ్డవి రాకుండా ఆపడం, ఈ రెండింటినీ గూగుల్ స్పష్టంగా వద్దంది. నాకైతే నిబంధన ఉన్నా లేకపోయినా ఇది సరికాదనే అనిపిస్తుంది, ఎందుకంటే రేటింగ్ చూసేవాళ్లు అది వచ్చినవాళ్లందరి అభిప్రాయం అనుకుంటారు, సగంమందిని జల్లెడ పట్టేశామని వాళ్లకి తెలియదు కదా.

అయితే అడగడమే తప్పా అంటే కాదు. గూగుల్ అడగమనే చెబుతుంది, అందుకు లింక్, క్యూఆర్ కోడ్ కూడా తనే ఇస్తుంది. షాపు ప్రొఫైల్ ఉన్న జీమెయిల్‌తో లాగిన్ అయి గూగుల్లో మీ షాపు పేరు వెతికితే Ask for reviews అనో Get more reviews అనో కనిపిస్తుంది, అక్కడ లింక్ కాపీ చేసుకోవచ్చు. అన్ని చోట్లా ఒకటే రూలు ఉండదని కూడా గుర్తుపెట్టుకో, అమెరికాలో బాగా వాడే యెల్ప్ అయితే రివ్యూ రాయమని కస్టమర్‌ని అడగడమే వద్దంటుంది. రేపు ఉద్యోగంలో ఏ ప్లాట్‌ఫామ్ పని అప్పగించినా ముందు దాని రూల్స్ పేజీ చదివి మొదలుపెట్టు.

మరి అందర్నీ అడిగితే తిట్టేవాళ్లు కూడా రాస్తారు కదా అని టెన్షన్ పడతావు. అక్కడే పని తెలిసినవాళ్లు చేసేది ఒకటుంది, ఎవర్ని అడగాలన్నది కాదు, ఎప్పుడు అడగాలన్నది మార్చుకుంటారు. మీ షాపు సంగతే తీసుకో. ధర్మవరం పట్టుచీరకి మగ్గం వర్క్ బ్లౌజు కుట్టించుకున్నావిడ డెలివరీ రోజు కవర్ తీసుకుని వెళ్లిపోతుంది, అప్పటికి ఆవిడకి చెప్పడానికి ఏమీ లేదు. ఇంటికెళ్లి వేసుకున్నాక చెయ్యి బిగుతుగా ఉందనో, వీపు దగ్గర లూజుందనో తెలుస్తుంది. ఫంక్షన్ అయ్యాక నలుగురూ ఎక్కడ కుట్టించావని అడిగితే అప్పుడు నిజమైన అభిప్రాయం ఏర్పడుతుంది. అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడే ఫంక్షన్ తేదీ రాసుకోండి, ఎలాగూ డెలివరీ కోసం రాసుకుంటారు. 'తర్వాత ఒక మెసేజ్ పెట్టొచ్చా అక్కా?' అని అప్పుడే అడిగి, సరేనంటే టిక్కు పెట్టుకోండి. ఫంక్షన్ అయిన రెండో రోజో మూడో రోజో ఆ టిక్కు ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకటే మెసేజ్ వెళ్లాలి, ఇలా:

"నమస్తే అక్కా, ఫంక్షన్ బాగా జరిగిందా? బ్లౌజు ఫిట్టింగ్‌లో ఏదైనా సరిచేయాల్సి ఉంటే తీసుకురండి, చేసిస్తాం. మా షాపులో మీకెలా అనిపించిందో గూగుల్లో ఉన్నదున్నట్టు రాస్తే కొత్తవాళ్లకి ఉపయోగపడుతుంది. తెలుగులో రాసినా సరే. లింక్ ఇది:"

ఇందులో సరిచేస్తామన్న మాట, లింక్ రెండూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి, ఆవిడ ఏది ఎంచుకుంటుందో ఆవిడ ఇష్టం. స్టార్ల ఊసు లేదు. ఏం రాయాలో మనం చెప్పలేదు, ఇది ముఖ్యం, ఎందుకంటే 'వర్క్ సూపర్, స్టాఫ్ ఫ్రెండ్లీ' అని మనమే రాసిచ్చి కాపీ చేయమంటే పదిమంది రివ్యూలు ఒకేలా ఉండి చదివేవాళ్లకే అనుమానం వస్తుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైగా పెట్టుకుంటే /review అని కొట్టగానే మొత్తం వచ్చేస్తుంది, అమ్మ రోజూ టైప్ చేసుకునే పని ఉండదు. జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, అంతకుమించి వద్దు, విసిగితే బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడితే నంబర్‌కే ఇబ్బంది.

బ్లౌజు ఆల్టరేషన్‌కి తెచ్చినవాళ్ల సంగతేమిటంటే, వాళ్ల పని ఇంకా పూర్తికాలేదు కాబట్టి సరిచేసి ఇచ్చాక రెండు రోజులాగి అదే మెసేజ్ పంపు. దీన్ని సాకుగా చేసుకుని గొడవపడినవాళ్లకి పంపకుండా వదిలేస్తే మళ్లీ ఏరడమే అవుతుంది. నా మటుకు నేను చూసింది ఏంటంటే, చెయ్యి బిగుతుందని కోపంగా వచ్చి, అరగంటలో విప్పి కుట్టించుకుని వెళ్లినావిడ రాసే రివ్యూ మిగతావాటికంటే నమ్మకంగా ఉంటుంది, ఎందుకంటే తప్పు జరిగితే ఈ షాపువాళ్లు ఏంచేస్తారో అందులో తెలుస్తుంది.

షాపులో పనిచేసే మగ్గం వర్కర్లు, కట్టింగ్ మాస్టరు, అమ్మ, నువ్వు, ఎవరూ రాయకూడదు. ఎప్పుడూ అక్కడ కుట్టించుకోని మీ కాలేజీ స్నేహితులు కూడా. కస్టమర్‌కి ఫోన్‌లో రాయడం రావట్లేదని షాపు ఫోన్ చేతికిచ్చి రాయించడం కూడా మానుకోండి, రాయలేనివాళ్లని వదిలేయండి, నోటితో నలుగురికి చెబుతారు అదే చాలు. పాత కస్టమర్ల నంబర్లన్నీ తీసి ఒకే రోజు అందరికీ పంపొద్దు, ఇన్నాళ్లూ నెలకొకటి వచ్చే షాపుకి ఒక్కసారిగా ముప్పై వస్తే నిజమైనవి కూడా ఫిల్టర్‌లో పడొచ్చు. డెలివరీలు అవుతున్న కొద్దీ పంపుతూ పో.

తిట్లు రావడం గురించి ఒక చిన్న లెక్క చెబుతా. ఇప్పుడు మీకు 22 రివ్యూలు, సగటు 4.0, అంటే మొత్తం 88 స్టార్లు. ఒక్క వన్ స్టార్ పడితే 23 రివ్యూలకి 89 అవుతుంది, రేటింగ్ 3.9కి దిగిపోతుంది. అదే అందర్నీ అడుగుతూ పోయి 80 రివ్యూలు, సగటు 4.4కి చేరారనుకో, అప్పుడు వన్ స్టార్ పడినా 4.36, తెరమీద మళ్లీ 4.4గానే కనిపిస్తుంది. చెడ్డ రివ్యూ భయం తగ్గేది దాన్ని ఆపడం వల్ల కాదు, మామూలు కస్టమర్లు ఎక్కువమంది రాయడం వల్ల.

వచ్చిన వన్ స్టార్‌కి జవాబు మాత్రం అమ్మ కోపంలో ఉన్నప్పుడు రాయనివ్వకు. 'పెళ్లి రోజు పొద్దునదాకా బ్లౌజు ఇవ్వలేదు' అని రాశారనుకో, నిజమే అయితే ఆలస్యమైందని ఒప్పుకుని, ఇప్పుడు ఫంక్షన్‌కి ఎన్ని రోజుల ముందు ట్రయల్ ఇస్తున్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఆవిడ పేరు, ఫోన్, కొలతలు, బాకీ సంగతులు అక్కడ ఎత్తొద్దు. కుట్టుకూలి వాపసు ఇవ్వాలనిపిస్తే ఇచ్చేయండి, కానీ 'రివ్యూ తీసేస్తే ఇస్తాం' అనకండి, ఆ షరతు పెడితే అది కూడా కొనడమే. ఏ షరతూ లేకుండా సరిచేశాక ఆవిడే తన రివ్యూ మార్చుకుంటే అది ఆవిడ నిర్ణయం. నచ్చని రివ్యూనల్లా రిపోర్ట్ చేసినా ఉపయోగం లేదు, బూతులు, వేరే షాపు గురించి రాసినవి, నకిలీవి, ఇలా నిబంధన మీరినవాటికే అది పనిచేస్తుంది.

రెజ్యూమే సంగతి. పెట్టుకో, కానీ 'రేటింగ్ పెంచాను' అని రాయకు, ఇంటర్వ్యూలో ఎలా పెంచావంటే అందరూ చెప్పే జవాబే చెబుతావు. ఇవాళ్టి నుంచి ఒక గూగుల్ షీట్ పెట్టు. డెలివరీ తేదీ, మెసేజ్ పంపిన తేదీ, రివ్యూ వచ్చిందా, ఫిర్యాదు ఉంటే దేని గురించి, ఈ నాలుగు గళ్లు చాలు, కస్టమర్ పేరు బదులు బిల్లు నంబర్ వేసుకో. మూడు నెలలయ్యాక ఎంతమందికి పంపితే ఎంతమంది రాశారు, ఫిర్యాదుల్లో ఆలస్యం ఎన్ని, ఫిట్టింగ్ ఎన్ని అన్నది నీ చేతిలో ఉంటుంది. ఆలస్యాలే ఎక్కువని తేలి, అమ్మ శ్రావణమాసంలో ఆర్డర్లు తీసుకోవడం ముందే ఆపేసిందనుకో, ఆ నిర్ణయానికి ముందూ తర్వాతా ఫిర్యాదులు ఎలా మారాయో చూపించు. లోకల్ ఎస్ఈఓ, ఆన్‌లైన్ రెప్యుటేషన్ ఉద్యోగాలకి ఫ్రెషర్ దగ్గర ఇలాంటిది ఉండటం అరుదు. దాంతోపాటు ఆన్‌లైన్ రివ్యూల మీద మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం ఒకసారి చదువు. అది స్వచ్ఛందంగా పాటించేదే, రివ్యూలు సేకరించి ప్రచురించే సంస్థల కోసం రాసింది, మీ షాపు పాటించాల్సిందేమీ లేదు. కానీ నువ్వు రేపు ఉద్యోగానికెళ్లేది అలాంటి సంస్థల్లోకే కావచ్చు. ఇంటర్వ్యూలో ఎవరైనా 'క్లయింట్ వంద రివ్యూలు వారంలో కావాలంటే ఏంచేస్తావ్?' అని అడిగితే, వారానికి ఎన్ని డెలివరీలు అవుతున్నాయో ముందు అడుగుతానని చెప్పి, నీ షీట్ తెరిచి చూపించు.