ఐవీఎఫ్ ఇంజెక్షన్ల తర్వాత కడుపు ఉబ్బిందా? గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు

ప్రశ్న: నా వయసు 29. పీసీఓఎస్ ఉంది. ఐవీఎఫ్ కోసం పది రోజులు ఇంజెక్షన్లు చేశారు. మూడు రోజుల క్రితం అండాలు తీశారు, 23 వచ్చాయట. అప్పటి నుంచి కడుపు ఉబ్బరంగా, పొత్తికడుపులో నొప్పిగా ఉంది. బరువు 58 నుంచి 61.5 కిలోలకు పెరిగింది. నిన్నటి నుంచి వాంతులు, మూత్రం కూడా తక్కువగా వస్తోంది. గ్యాస్ మాత్ర, నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. మందుల షాపులో నీరు తగ్గే మాత్ర కూడా ఇచ్చారు, ఇంకా వేసుకోలేదు. ఎల్లుండి పిండాన్ని గర్భాశయంలో పెడతారు. ఆస్పత్రి విజయవాడలో ఉంది. ఇప్పుడు ఇదంతా చెబితే వాయిదా వేస్తారేమోనని భయం. ఈ రెండు రోజుల్లో ఉబ్బరం తగ్గాలంటే ఏం తినాలి?
– ఒక సోదరి, మార్కాపురం

జవాబు: అమ్మా, తిండి సంగతి తర్వాత చూద్దాం. ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగే పరిస్థితి కాదనిపించి, మీకు వెంటనే ఫోన్ చేసి ఈరోజే ఆస్పత్రికి వెళ్లమని చెప్పాల్సిందిగా డెస్క్ వాళ్లను కోరాను. చెప్పామన్నారు. ఇదే స్థితిలో ఇంట్లో కూర్చుని జీలకర్ర నీళ్లు తాగుతున్నవాళ్లు ఇంకా ఉంటారు కనుక, మిగతాది వాళ్ల కోసం కూడా రాస్తున్నాను.

చూడకుండా, స్కాన్ చేయకుండా ఇది ఫలానా జబ్బేనని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అయినా మీరు రాసిన వివరాలు చదివితే నాకు మొదట వచ్చే అనుమానం ఒవేరియన్ హైపర్‌స్టిమ్యులేషన్ సిండ్రోమ్. ఫెర్టిలిటీ సెంటర్లలో ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. చిన్న వయసు, పీసీఓఎస్, ఇరవై దాటిన అండాలు, ఈ మూడూ ఉన్నవాళ్లలో దీని ముప్పు ఎక్కువ. ఇంజెక్షన్ల తర్వాత కొద్దిపాటి ఉబ్బరం మామూలే. ఐవీఎఫ్ చేయించుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి తేలికపాటిగా ఇది వస్తుంది, తనంతట తానే తగ్గుతుంది. ప్రొజెస్టిరాన్ మాత్రలకు కూడా కడుపు కాస్త బరువుగా అనిపిస్తుంది. కానీ మీరు రాసిన బరువు చూడండి. మూడు రోజుల్లో మూడున్నర కిలోల కొవ్వు పెరగదు, గ్యాస్‌కు తూకం ఉండదు. పెరిగినది చాలావరకు నీరే అయి ఉండాలి. ఆ నీరు ఎక్కడ చేరిందన్నదే నా ఆందోళన.

అండాలు తీయడానికి సుమారు 36 గంటల ముందు అవి పూర్తిగా పక్వం కావడానికి మీకు ట్రిగ్గర్ అనే ఆఖరి ఇంజెక్షన్ చేసి ఉంటారు. అది హెచ్‌సీజీ అనే హార్మోన్ అయితే వారం పైచిలుకు ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. అప్పటికే అండాలు పెరిగే నీటి సంచులైన ఫాలికల్స్ అనేకం ఏర్పడి పెద్దవైన అండాశయాలు దాని ప్రభావంతో వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తాయి. దాంతో సన్నని రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు, ప్రొటీన్లు బయటికి జారిపోతాయి. ఆ నీరు పొట్టలో చేరుతుంది, మరీ ముదిరితే ఊపిరితిత్తుల చుట్టూ కూడా చేరుతుంది. పొట్ట ఉబ్బి కనిపిస్తున్నా రక్తనాళాల్లో మాత్రం నీరు తక్కువ. మంట మీద వదిలేసిన పాకంలా రక్తం చిక్కబడుతుంది. మూత్రపిండాలకు చాలినంత రక్తం అందదు, అందుకే మూత్రం తగ్గుతుంది. చిక్కబడ్డ రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది.

ఇది అర్థమైతే మీరు వాడుతున్న మందుల గురించి నేనెందుకు కోప్పడుతున్నానో అర్థమవుతుంది. డైక్లోఫెనాక్ ఇప్పుడే ఆపేయండి. అసలే రక్తం చాలక ఇబ్బంది పడుతున్న మూత్రపిండానికి వెళ్లే రక్తాన్ని ఆ మాత్ర ఇంకా తగ్గిస్తుంది. అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్ కూడా ఆ కోవకే చెందుతాయి. చీటీ లేకుండా అమ్మే చాలా నొప్పి మాత్రల్లో వీటిలో ఏదో ఒకటి పారాసెటమాల్‌తో కలిసి ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవకుండా ‘పారాసెటమాలే కదా’ అని మింగేస్తారు. కాలేయ జబ్బు లేనివారు నొప్పికి 650 మిల్లీగ్రాముల ఉత్త పారాసెటమాల్ ఆరు గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగు మించకుండా వేసుకోవచ్చు. దానికీ తగ్గని నొప్పికి ఇంకో మాత్ర వెతక్కండి, డాక్టరును వెతకండి.

ఇక ఆ నీరు తగ్గే మాత్ర. వేసుకోకుండా ఆగినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఇచ్చినవారిది దురుద్దేశం కాకపోవచ్చు, ఉబ్బరం అనగానే నీరు తీసేయాలని తోచి ఉంటుంది. కానీ ఆ మాత్ర పొట్టలోని నీటిని లాగదు. రక్తనాళాల్లో మిగిలిన కాస్త నీటినీ మూత్రంగా పంపేసి రక్తాన్ని ఇంకా చిక్కబరుస్తుంది. ఇలాంటి సమయంలో దాన్ని ఎప్పుడైనా వాడాలా అన్నది ఆస్పత్రిలో రక్త పరీక్షలు చూసి తేల్చాల్సిన విషయం. షాపు కౌంటరు దగ్గర తేలేది కాదు. అన్నట్టు, గర్భం నిలవడానికని మీకు ఇంకో డోసు హెచ్‌సీజీ ఇంజెక్షన్ రాసి ఉంటే, ఈ లక్షణాలు మీ డాక్టరుకు చెప్పకుండా చేయించుకోవద్దు. ప్రొజెస్టిరాన్‌ను మాత్రం సొంతంగా మానేయకండి.

మీ అసలు భయం వాయిదా గురించి. నిజమే, వాయిదా వేయవచ్చు. నా దగ్గరికి ఇలా వచ్చి ఉంటే నేనైతే ఎల్లుండి పిండాన్ని పెట్టను. ఎందుకంటే గర్భం నిలిస్తే ఆ గర్భమే హెచ్‌సీజీని తయారుచేస్తుంది. ట్రిగ్గర్ ప్రభావం తగ్గే సమయానికి లోపలి నుంచి కొత్త హెచ్‌సీజీ మొదలవుతుంది. అందుకే ఈ జబ్బు రెండు సందర్భాల్లో కనిపిస్తుంది. ట్రిగ్గర్ తర్వాత వారంలోపు వచ్చేది ఒకటి, పది రోజులు దాటాక గర్భంతో వచ్చేది మరొకటి. రెండోది ఎక్కువ కాలం వేధిస్తుంది, తీవ్రమయ్యే అవకాశమూ ఎక్కువ. గర్భం లేకపోతే సాధారణంగా నెలసరి వచ్చేసరికి సర్దుకుంటుంది.

పిండాలు ఎక్కడికీ పోవు. అన్నిటినీ గడ్డకట్టించి భద్రపరిచి, అండాశయాలు మామూలు పరిమాణానికి వచ్చాక ఒకటి రెండు నెలల తర్వాత పెట్టవచ్చు. ‘తాజా పిండం అయితేనే నిలుస్తుంది’ అన్న మాట మా వెయిటింగ్ హాల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ అంటూనే ఉంటారు. పీసీఓఎస్ ఉన్న దాదాపు 1500 మంది మహిళలపై చైనాలో జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. అందులో మొదటి ప్రయత్నంలో బిడ్డ పుట్టినవారు తాజా పిండం పెట్టినవాళ్లలో 42 శాతమైతే, భద్రపరచిన పిండం పెట్టినవాళ్లలో 49 శాతం. ఓహెచ్‌ఎస్‌ఎస్ తాజా వర్గంలో 7.1 శాతం మందికి, రెండో వర్గంలో 1.3 శాతం మందికి వచ్చింది. భద్రపరచిన పిండంతో గర్భిణులకు రక్తపోటు సమస్య కొంత ఎక్కువగా కనిపించిన మాట కూడా దాచను, దాన్ని గర్భం నిలిచాక జాగ్రత్తగా కనిపెట్టి చూసుకుంటాం. మొత్తం మీద మీవంటి వారికి వాయిదా నష్టం కాదు. లక్షణాలు దాచి పిండం పెట్టించుకోవడమే నష్టం. ఖర్చు, అత్తింటివారి ప్రశ్నలు, మళ్లీ సెలవు దొరకదన్న బెంగ నాకు తెలియనివి కావు. వాటిని పక్కన పెట్టమనను, కానీ మీ డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచవద్దు.

తేలికపాటి ఉబ్బరంతో ఇంటి దగ్గర ఉండవచ్చని డాక్టరు చెప్పినవారికి ఒక పని అప్పగిస్తాను. రోజూ ఉదయం లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాటాపై బరువు చూడండి. బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలవండి. లీటరు నీళ్ల సీసాపై పావు, అర, ముప్పావు గీతలు గీసి, 24 గంటల మూత్రాన్ని ఒక మగ్గులో పట్టి అందులో పోసి కొలవండి. సిగ్గుపడాల్సిన పనేమీ కాదు, వార్డులో మేము చేయించేదీ అదే. బరువు రోజుకు కిలో చొప్పున పెరుగుతున్నా, రోజు మొత్తానికి మూత్రం లీటరు కంటే తక్కువున్నా అదే రోజు ఫోన్ చేయాలి. దాహానికి సరిపడా నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగండి. బలవంతంగా లీటర్లకు లీటర్లు వద్దు. కొబ్బరి నీళ్లు మంచివే, కానీ మూత్రం తగ్గినప్పుడు వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటుంది, కనుక మూత్రం తగ్గినవారు డాక్టరును అడగకుండా తాగవద్దు. ఇదీ మీరడిగిన తిండి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు. ఈ సమయంలో ఉబ్బరాన్ని తగ్గించే ఆహారమంటూ లేదు.

బరువులెత్తడం, కలయిక, గతుకుల రోడ్డుపై బైకు ప్రయాణం మానండి. పెద్దదైన అండాశయం దాని మొదలు దగ్గర మెలిపడవచ్చు. హఠాత్తుగా ఒకపక్క భరించలేని నొప్పి, దానితో వాంతులు మొదలైతే అదే అనుమానించాలి. దానికి గంటలే గడువు, తెల్లారనిద్దాం అనుకోవడానికి లేదు. పడుకుంటే ఊపిరాడకపోవడం, తాగిన నీళ్లు కూడా కక్కడం, ఒక పిక్కలో నొప్పి వాపు, ఒక చేయి బరువెక్కడం, మెడ ఒకపక్క వాచడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, ఒళ్లు తూలడం, ఇవన్నీ అత్యవసరాలే. ఈ జబ్బులో గడ్డలు కాళ్లలోనే కాక మెడ, చేతుల సిరల్లో కూడా కట్టవచ్చు. ‘పడక తేడా చేసింది’ అని మెడకు నూనె రాస్తూ కూర్చోవద్దు.

ఆస్పత్రిలో స్కాన్ చేసి అండాశయాల పరిమాణం, పొట్టలో నీరు చూస్తారు. రక్తం ఎంత చిక్కబడిందో హెమటోక్రిట్ చెబుతుంది. అది 45 శాతం దాటితే తీవ్రంగానే పరిగణిస్తాం. సోడియం, పొటాషియం, క్రియాటినిన్, ఆల్బుమిన్ కూడా చూస్తారు. సెలైన్, అవసరమైతే ఆల్బుమిన్ ఎక్కిస్తారు, గడ్డకట్టకుండా హెపారిన్ రకం ఇంజెక్షన్లు చేస్తారు. నీరు మరీ ఎక్కువై ఊపిరి అందకపోతే స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో తీస్తారు. ఆ మాటకు అందరూ భయపడతారు గానీ, తీసిన కాసేపటికే హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

విజయవాడ దూరమైతే ముందు మీ డాక్టరుకు ఫోన్ చేసి, వారు చెప్పినచోటికి వెళ్లండి. ఫోన్ కలవకపోతే ఆగకుండా దగ్గర్లో స్కాన్, ల్యాబు ఉన్న ఆస్పత్రికి చేరండి. అక్కడి డ్యూటీ డాక్టరు కడుపునొప్పి అనగానే అపెండిసైటిస్ వైపు వెళ్లవచ్చు, స్కాన్‌లో పెద్ద అండాశయాలు, నీరు చూసి కణితి అనుకోవచ్చు. కాబట్టి లోపలికి అడుగుపెడుతూనే ‘నాకు ఐవీఎఫ్ జరుగుతోంది, ఫలానా తేదీన ట్రిగ్గర్ చేశారు, 23 అండాలు తీశారు’ అని చెప్పండి. హెచ్‌సీజీ ట్రిగ్గర్ అయితే ఇప్పుడు చేసే గర్భ పరీక్షలో రెండు గీతలు రావచ్చు, అది ఆ ఇంజెక్షన్ వల్లే. ట్రిగ్గర్ పేరు, తేదీ, సమయం ఉన్న కాగితం, డిశ్చార్జి చీటీ, మీరు వేసుకున్న డైక్లోఫెనాక్ అట్టతో సహా మందులన్నీ ఒక సంచిలో పెట్టుకుని బయల్దేరండి. ఒంటరిగా వెళ్లవద్దు.