సందేహాలు – సమాధానాలు: ‘అసమాన గాయం’, ‘అక్రమ సరిహద్దు’

ప్రశ్న: మా ఊళ్ళో ఒకాయన అరికాలి మీద మచ్చ ఉంది. ఫోన్‌లో ఫోటో తీసి చర్మవైద్యులకి పంపాలి. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీశాను. ఏ, బీ, సీ, డీ, ఈ లక్షణాల ప్రకారం కింద తెలుగులో వివరణ రాయమన్నారు. ఇలా రాశాను: “కుడి పాదంపై అసమాన గాయం. సరిహద్దు అక్రమం. వర్ణం బహుళం. వ్యాసం 6 మి.మీ. కన్నా ఎక్కువ. పరిణామం చెందుతోంది. కేన్సర్ కావచ్చు.” చదివినవాళ్ళు నవ్వారు. మాటలన్నీ నిఘంటువులోవే కదా, తప్పెక్కడ?
— ఒక నర్సు, విజయనగరం జిల్లా

జవాబు: నవ్వినవాళ్ళని ఏమీ అనలేం. ‘సరిహద్దు అక్రమం’ అనగానే పొలం గట్టు తగాదా గుర్తొస్తుంది. ‘అసమాన’ అన్న మాటకి సాటిలేని అనే అర్థం మనకి బాగా అలవాటు. అసమాన ప్రతిభ, అసమాన శౌర్యం అంటాం. ఆ లెక్కన మీ రోగి కాలి మీద ఉన్నది సాటిలేని గాయం! నిఘంటువు అబద్ధం చెప్పలేదు. ఒక మాటకి ఉన్న నాలుగు అర్థాల్లో ఇక్కడ నప్పేది ఏదో ఏరుకునే పని మాత్రం మనకే వదిలేసింది.

ముందు ‘గాయం’ సంగతి. ఇంగ్లీషు ‘లీజన్’కి మూలమైన లాటిన్ మాటకి దెబ్బ అనే అర్థం. అందుకే నిఘంటువు అక్కడికి వెళ్ళింది. కానీ చర్మవైద్యులు చర్మం మీద మామూలుగా లేని ఏ చోటునైనా లీజన్ అనే అంటారు, దెబ్బ తగిలినా తగలకపోయినా. తెలుగులో గాయం అంటే దాని వెనక ముల్లో, రాయో, కొడవలో ఉండాలి. మీ వివరణ చదివిన డాక్టరు మొదట అడిగేది “ఏం గుచ్చుకుంది?” అనే. ఇక్కడ మనకి ‘మచ్చ’ చక్కగా సరిపోతుంది. కుష్ఠు నివారణకి ఇంటింటికీ తిరిగినవాళ్ళు ‘స్పర్శ లేని మచ్చ’ అన్నారు, అందరికీ అర్థమైంది. మానిన దెబ్బ గుర్తుని కూడా మచ్చే అంటాం కనుక, అది కాదని తెలియడానికి ‘దెబ్బ తగలలేదట’ అని ఒక ముక్క కలిపితే చాలు.

‘పుట్టుమచ్చ’ అని మాత్రం తొందరపడి రాయకండి. పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాల దగ్గర మనందరికీ రెండు పుట్టుమచ్చలు ఉండి తీరాలి గానీ, నిజానికి చాలా పుట్టుమచ్చలు పుట్టుకతో రావు. చిన్నతనంలోనో పడుచు వయసులోనో తేలతాయి. మాటలో ‘పుట్టు’ ఉండటం వల్ల, యాభై దాటాక కొత్తగా వచ్చిన నల్లమచ్చని కూడా ఎప్పటినుంచో ఉన్నదే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

ఇక మీ అయిదు అక్షరాలు. అసిమెట్రీ, బోర్డర్, కలర్, డయామీటర్, ఇవాల్వింగ్ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం వైద్యులు ఫ్రీడ్‌మన్, రీగెల్, కోఫ్ 1985లో మొదటి నాలుగూ చెప్పారు. మెలనోమా అనే చర్మ కేన్సర్‌ని తొందరగా అనుమానించడానికి అదొక కొండగుర్తు. 2004లో ‘ఈ’ చేరింది. ఈ అక్షరాలకి తెలుగులో అ, ఆ, ఇ, ఈ అని కొత్త వరస కట్టే ప్రయత్నాలు నా దగ్గరికి అప్పుడప్పుడు వస్తుంటాయి. వద్దు. అవతల చదివే డాక్టరుకి తెలిసినవి ఆ ఇంగ్లీషు అక్షరాలే. వాటిని అలాగే ఉంచి, పక్కన మీ కంటికి కనిపించింది తెలుగులో రాయండి.

‘ఏ’ దగ్గర ‘అసౌష్ఠవం’ సరైన పారిభాషిక పదమే, పాఠ్యపుస్తకంలో బాగుంటుంది. ఫోటో కింద మాత్రం ఏది దేనితో కలవలేదో చెప్పాలి. మచ్చ మధ్యగా ఒక గీత ఊహించుకోండి, కాగితంలా మడిచినట్టు. సగం మీద సగం సరిగ్గా కూర్చుంటుందా? కూర్చోకపోతే ‘రెండు సగాలూ పొసగవు’ అనండి. అడ్డంగా ఇంకో గీత ఊహించి మళ్ళీ చూడండి.

‘బీ’కి మనకి చీర ఇచ్చిన మాట ఉంది: అంచు. అయితే అంచు బాగోలేదంటే సరిపోదు, అది రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, గండ్లు పడటం, ఎలుక కొరికిన కాగితంలా. రెండోది, చెదరడం, కన్ను నలిపితే కాటుక పాకినట్టు. గండి పడిన అంచు ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించగలం. చెదిరిన అంచు ఎక్కడ ఆగిందో చెప్పలేం. ‘అక్రమం’ అన్న ఒక్క మాట ఈ రెంటినీ కలిపేసి, రెంటినీ పోగొట్టింది.

‘సీ’ దగ్గర చిక్కు ఇంకోలాంటిది. ‘వర్ణం బహుళం’ అంటే ఎన్ని, ఏవి, ఎక్కడ? బ్రౌన్‌కి పుస్తకాల్లో గోధుమ రంగు అంటాం. పెళ్ళి ప్రకటనల్లో గోధుమ వర్ణం అంటే మాత్రం దాదాపు తెల్లని పిల్ల అని. ఒకే మాట రెండు చోట్లా రెండు రంగులు చూపిస్తుంది కనుక, కాఫీపొడి రంగు, ఇటుక రంగు, బూడిద రంగు అని వస్తువు పేరుతో చెప్పడం మేలు. చింతపండు రంగు అనకండి, కొత్తదా పాతదా అని అడగాల్సొస్తుంది. రంగు ఏ చోట ఉందో కూడా రాయాలి, మధ్యలోనా, అంచునా అని.

‘డీ’కి వ్యాసం తప్పు కాదు. నాబోటివాడికి మాత్రం వ్యాసం అనగానే రాయాల్సిన వ్యాసం గుర్తొస్తుంది. పైగా మచ్చ గుండ్రంగా లేనప్పుడు వ్యాసం ఎటు కొలవాలి? ‘ఎక్కువ పొడవు ఇంత, దానికి అడ్డంగా ఇంత’ అనడం స్పష్టం. 6 మిల్లీమీటర్లు అన్నది అనుమానానికి ఒక గీత మాత్రమే. అంతకంటే చిన్న మెలనోమాలూ ఉంటాయి. అందుకే ‘6 కన్నా ఎక్కువ’ అని వదిలేయకుండా కొలతే రాయండి, రేపు పోల్చి చూడటానికి అదే పనికొస్తుంది.

మీ రూపాయి బిళ్ళ గురించి ఇక్కడే ఒక మాట. 1992 నాటి రూపాయి వెడల్పు 25 మిల్లీమీటర్లు, 2011 నాటిది 22, 2019 నాటిది 20. మీ ఫోటోలో మచ్చ పొడవు బిళ్ళలో సుమారు మూడింట రెండొంతులు ఉందనుకుందాం. పాత బిళ్ళయితే మచ్చ 17 దాకా ఉంటుంది, కొత్తదయితే 13. ఆరు నెలల తర్వాత ఇంకో బిళ్ళతో ఇంకో ఫోటో తీస్తే, పెరగని మచ్చ పెరిగినట్టు కనిపిస్తుంది. బిళ్ళ మీద సంవత్సరం చూసి రాయండి, లేదా పిల్లల స్కేలు పెట్టండి. ఇంకోటి: గుండ్రటి బిళ్ళ ఫోటోలో కోడిగుడ్డులా కనిపిస్తే ఫోన్ వాలుగా పట్టుకున్నారన్నమాట. అప్పుడు మచ్చ ఆకారమూ నమ్మదగ్గది కాదు, ‘ఏ’ గురించి రాయకుండా మళ్ళీ తీయండి.

నాకు అసలు ఆసక్తి ‘ఈ’ దగ్గర. ‘పరిణామం చెందుతోంది’ అంటే కోతి నుంచి మనిషి అయిన కథలా ఉంటుంది. కావలసిన మాట ‘మారుతోంది’. కానీ ఆ సంగతి ఒక్క ఫోటోలో ఎలా కనిపిస్తుంది? కనిపించదు. అది రోగి చెప్పిన మాట. ఇంగ్లీషువాడు దీనికోసం ‘రోగి కథనం ప్రకారం’ అని తోక తగిలించాలి. మనకి ‘ట’ ఉంది. ‘నాలుగు నెలలుగా పెరుగుతోందట’ అన్నారంటే, మీరు చూడలేదనీ, ఆయన చెప్పాడనీ ఒక్క అక్షరంలో తేలిపోయింది.

ఇదే పద్ధతి మొత్తం వివరణకీ పెట్టుకోండి. మీరు కొలిచింది, తాకి తెలుసుకున్నది ‘ఉంది’. ఫోటోలో మాత్రమే చూసింది ‘కనిపిస్తోంది’. ఎవరో చెప్పింది ‘ఉందట’. మచ్చ చదునా, ఉబ్బెత్తా అన్నది దీనికి మంచి పరీక్ష. చర్మవైద్యులు చదునైన చిన్న మచ్చని మాక్యూల్ అంటారు, సెంటీమీటరు దాటితే ప్యాచ్. వేలికి తగిలేలా ఉబ్బితే పేరే మారిపోతుంది: గట్టి చిన్న బుడిపె పాప్యూల్, లోతుగా దిగి పెద్దదైతే నాడ్యూల్. పొక్కు అనకండి, పొక్కంటే లోపల నీరు గానీ చీము గానీ ఉందనుకుంటారు. వెలుగు నేరుగా పడిన ఫోటోలో బుడిపె కూడా చదునుగా కనిపిస్తుంది. తడిమి చూస్తే ‘చదునుగా ఉంది’, చూడకపోతే ‘చదునుగా కనిపిస్తోంది’. ఈ తేడా డాక్టరుకి చాలా అవసరం.

మీరు పంపిన ఫోటో చూసి, ఉత్తరంలో మీరు చెప్పినవి కలిపి, నేనైతే ఇలా రాస్తాను:

“కుడి అరికాలు, మడమ దగ్గర ఒకే మచ్చ. చదునుగా కనిపిస్తోంది, తడిమి చూడలేదు. డీ: పొడవు సుమారు 14 మి.మీ., అడ్డం సుమారు 9 (పక్కన 2011 రూపాయి). ఏ: పొడవునా మడిస్తే సగాలు పొసగవు, బయటి సగం వెడల్పు. బీ: మడమ వైపు అంచు స్పష్టంగా, రెండు గండ్లతో కనిపిస్తోంది, వేళ్ళ వైపు చెదిరినట్టు కనిపిస్తోంది. సీ: మధ్యలో నలుపు, చుట్టూ కాఫీపొడి రంగు, బయటి అంచున కొద్దిగా బూడిద రంగు. పుండు, పక్కు, నెత్తురు కనిపించడం లేదు. ఈ: ఏడాదిగా ఉందట, నాలుగు నెలలుగా పెరుగుతోందట. దెబ్బ తగలలేదట.”

‘లేదు’ అన్న వాక్యాన్ని కావాలనే ఉంచాను. మీరు పుండు గురించి రాయకపోతే, లేదనుకోవాలో చూడలేదనుకోవాలో అవతలివారికి తెలియదు.

మీ చివరి వాక్యం తీసేశాను. ‘కేన్సర్ కావచ్చు’ అన్నది వర్ణన కాదు, తీర్పు. ముసలివాళ్ళ ముఖం మీదా వీపు మీదా అంటించినట్టుండే నల్లటి బుడిపెలు ఏ హానీ చేయకపోయినా ఈ అక్షరాల్లో మూడు నాలుగింటికి దొరికిపోతాయి. గట్టిగా, గుండ్రంగా, ఒకే రంగుతో లేచి తొందరగా పెరిగే రకం మెలనోమా మొదటి మూడు అక్షరాలకీ చిక్కకుండా పోగలదు. పైగా ఆ అక్షరాలు పుట్టింది తెల్ల చర్మం ఉన్నవాళ్ళ వైద్యంలో. మనలో ఈ జబ్బు అరుదు. వచ్చినప్పుడు తరచు అరికాల్లోనో, అరచేతిలోనో, గోరు కిందో వస్తుంది. అక్కడ దాన్ని ఆనెకాయ అనో, కమిలిన దెబ్బ అనో అనుకుని నెలలు గడిపేస్తారు. కాబట్టి తీర్పుకి బదులు ‘అరికాలి మచ్చ, పెరుగుతోందట, త్వరగా చూడగలరు’ అని రాయండి. అక్షరాలు ఎన్ని సరిపోయాయన్న లెక్కతో పనిలేకుండా చర్మవైద్యులు చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు.

పంపేముందు ఆయన కాలు కడిగించి మళ్ళీ ఒక ఫోటో తీయండి. మీరు పంపినదాంట్లో వేళ్ళ వైపు చెదిరినట్టున్న అంచులో కొంత మట్టేనేమోనని నాకు అనుమానంగా ఉంది.