పెట్టిన ఆర్డరు మర్నాటికి ఎందుకు ఉండదు?

ప్రశ్న: ఒక కంపెనీ షేర్లు 100 కొందామని 412 రూపాయలకి మించకుండా లిమిట్ ఆర్డరు పెట్టాను. ఆ రోజు కనిష్ఠ ధర సరిగ్గా 412 అనే చూపించింది. అయినా నాకు 40 షేర్లే వచ్చాయి. మిగతా 60 సంగతి మర్నాడు చూస్తే ఆ ఆర్డరే లేదు. ఫ్రెండ్ ‘జీటీసీ పెట్టుకో’ అంటున్నాడు. నా యాప్‌లో జీటీటీ అని ఉంది. రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కాదు. ఆ తేడా తెలియకే చాలామంది నష్టపోతున్నారు. ముందు మీ 60 షేర్ల సంగతి చూద్దాం.

ధర 412కి రావడమొక్కటే చాలదండీ, మీ వంతు కూడా రావాలి. ఎక్స్ఛేంజ్‌లో ఒకే ధరకి ఆర్డరు పెట్టినవాళ్లంతా వచ్చిన టైమును బట్టి వరుసలో ఉంటారు. మీకన్నా ముందు 412 దగ్గర 2,560 షేర్లకి ఆర్డర్లున్నాయనుకోండి. ఆ ధరకి అమ్మకానికి వచ్చినవి మొత్తం 2,600 అయితే, ముందువాళ్లకి పోగా మిగిలే 40 మీకు దక్కుతాయి. ఆ తర్వాత ధర మళ్లీ పైకి వెళ్లిపోయింది, మీ 60 అలాగే ఆగిపోయాయి. మీది ఆ ఒక్క రోజుకే చెల్లే డే ఆర్డరు కాబట్టి 3:30కి మార్కెట్ ముగియగానే రద్దయింది, వాటి కోసం పక్కన పెట్టిన డబ్బు తిరిగి మీ ఖాతాలో చేరింది.

జీటీసీ అంటే మనం రద్దు చేసేదాకా బతికుండే ఆర్డరు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది బాగా అలవాటు. అక్కడ కూడా దాన్ని రోజుల తరబడి కాపాడేది బ్రోకరే. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2016లోనే జీటీసీ ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. ఇక్కడ ఎన్ఎస్ఈలో మనం మామూలుగా పెట్టే షేర్ల ఆర్డరు ఆ రోజుకే పరిమితం. ఆ లోటు తీర్చడానికి బ్రోకర్లు తెచ్చిన సదుపాయమే జీటీటీ.

జీటీటీ పెట్టినప్పుడు ఎక్స్ఛేంజ్‌కి ఏమీ వెళ్లదు. మీరిచ్చిన ట్రిగ్గర్ ధర బ్రోకర్ కంప్యూటర్లో ఉంటుంది, చాలాచోట్ల ఏడాది దాకా. మార్కెట్ ఆ ధరని తాకినప్పుడే లిమిట్ ఆర్డరు ఎక్స్ఛేంజ్‌కి వెళ్తుంది. అదీ మళ్లీ డే ఆర్డరే! ఆ రోజు పూర్తికాకపోతే 3:30కి అదీ పోతుంది. చాలా యాప్‌లలో జీటీటీ కూడా అక్కడితో అయిపోయినట్టే, మర్నాడు దానంతట అది మళ్లీ లేవదు.

కొనేటప్పుడు దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు, మహా అయితే షేర్లు రావు. ధర పడితే నష్టం పెరగకుండా అమ్మేసే స్టాప్‌లాస్ కోసం పెట్టినప్పుడే టెన్షన్. మీ దగ్గరున్న షేరుకి 380 ట్రిగ్గర్, 379 లిమిట్ పెట్టారనుకోండి. రాత్రి ఏదో చెడ్డ వార్త వచ్చి మర్నాడు షేరు 365 దగ్గర తెరుచుకుంది. ట్రిగ్గర్ పనిచేస్తుంది, ఫోన్‌కి మెసేజ్ కూడా వస్తుంది. కానీ 379కి తక్కువైతే అమ్మొద్దని మీరే చెప్పారు కదా, కొనేవాళ్లు 365కే ఉంటే ఆర్డరు అలాగే వేలాడుతుంది. సాయంత్రానికి ఆర్డరూ ఉండదు, జీటీటీ కూడా ఉండదు. పడుతున్న షేరు మాత్రం మీ ఖాతాలోనే ఉంటుంది. ‘ట్రిగ్గర్ అయింది’ అన్న మెసేజ్ చూసి అమ్ముడుపోయిందనుకుని ఒకసారి నేనూ ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత హోల్డింగ్స్ తెరిస్తే షేర్లన్నీ అక్కడే ఉన్నాయి. ఈ ఇబ్బంది తగ్గాలంటే ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య రూపాయి కాకుండా, మీరు నిజంగా ఒప్పుకోగలిగినంత ఎడం ఇవ్వండి.

ఇంకో అడ్డంకి: డీమ్యాట్ నుంచి షేర్లు తీసుకోవడానికి బ్రోకర్‌కి డీడీపీఐ అనే అనుమతి పత్రం ముందే ఇవ్వకపోతే, అమ్మే రోజున మీరు టీపిన్ అనే రహస్య నంబరుతో అనుమతి ఇవ్వాలి. అది లేకపోతే ట్రిగ్గరయిన అమ్మకం ఆర్డరు రిజెక్ట్ కావచ్చు.

అందుకే రోజూ మూడింటికి ఒకసారి ఆర్డర్ల పేజీ తెరవండి. ‘ఓపెన్’ కింద ఏమున్నాయో చూడండి. స్టేటస్ ఒక్కటే చూసి వదిలేయకండి, పక్కనే 40/100 లాంటి అంకె ఉంటుంది, ఎన్ని మిగిలాయో చెప్పేది అదే. ఆ తర్వాత జీటీటీ పేజీకి వెళ్లి, ట్రిగ్గరయినవాటికి ఆర్డరు నిజంగా పూర్తయిందా అని సరిచూసుకోండి. మిగిలినవి ఆ రోజే కావాలనుకుంటే ధర మార్చండి, కానీ మార్చగానే వరుసలో మీ పాత చోటు పోతుంది, కొత్త ధర దగ్గర చివర నిలబడతారు. కాబట్టి పది పైసలు చొప్పున నాలుగుసార్లు మార్చేకన్నా, అమ్మేవాళ్లు అప్పుడు అడుగుతున్న ధరకి ఒక్కసారే మార్చడం మేలు. ఆ ధర మీకు ఎక్కువనిపిస్తే వదిలేసి, 60కి మర్నాడు పొద్దున కొత్త ఆర్డరు పెట్టుకోండి.