బిల్డింగ్ కంపెనీదే, మరి స్థలం ఎవరిది?

ప్రశ్న: గుంటూరులో ఒక మిర్చి ఎక్స్‌పోర్ట్ కంపెనీ అప్పు మీద సరుకు అడుగుతోంది. సొంత కోల్డ్ స్టోరేజీ ఉందంటున్నారు. అది నిజంగా కంపెనీ పేరు మీదే ఉందా, ఎలా చూడాలి?

మూడేళ్ల క్రితం మా బాబాయికి ఇదే పరిస్థితి వచ్చింది. రికార్డులు వెతికింది నేనే.

ముందు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ సైట్‌లో View Public Documents కింద 100 రూపాయలు కట్టి, కంపెనీ ఏటా వేసే AOC-4 ఫారంతో పెట్టిన బ్యాలెన్స్ షీట్ తీశాను. మెయిన్ షీట్‌లో ఆస్తుల మొత్తం చూసి బాబాయి ఊపిరి పీల్చుకున్నారు. నేను వెనక ఉన్న స్థిరాస్తుల నోట్ తెరిచాను. బిల్డింగ్స్ వరుసలో 3 కోట్ల పైచిలుకు ఉంది. ల్యాండ్ వరుసే లేదు. రెండూ కలిపి ఒకే వరుసలో చూపిస్తే తరుగుదల కాలమ్ చూడండి. సొంత స్థలానికి తరుగుదల వేయరు. కాబట్టి మొత్తం విలువ మీదా తరుగుదల పడుతుంటే అందులో స్థలం లేదనే అనుమానించాలి.

కంపెనీ పేరు మీద లేని ఆస్తుల పట్టిక నోట్స్‌లో ఇవ్వాలని 2021 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది. అందులో పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి, ఆయన డైరెక్టరా, ఎప్పటి నుంచి, ఎందుకు అన్నవన్నీ రాయాలి. మేం చూసిన కంపెనీలో ఆ పట్టిక ఖాళీ. దాంతో నేనూ కాసేపు తికమకపడ్డాను. సరైన లీజు అగ్రిమెంట్ ఉన్న స్థలాన్ని ఆ పట్టికలో చూపించక్కర్లేదని తర్వాత అర్థమైంది. సంబంధిత వ్యక్తుల నోట్‌లో చూస్తే డైరెక్టర్‌కు ఏటా అద్దె కడుతున్నట్టు ఉంది.

ఇక సర్వే నంబరు కావాలి. అది లేకుండా ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ తీయడం కష్టం, ఉత్త కంపెనీ పేరుతో వెతికితే పని జరగదు. నాకది బ్యాంకు లోను కోసం వేసిన CHG-1 ఫారంలో దొరికింది. తాకట్టు పెట్టిన ఆస్తి వివరాల్లో ఊరు, సర్వే నంబరు, హద్దులు ఉన్నాయి. ఆస్తి కంపెనీ పేరున రిజిస్టర్ కాకపోతే ఎవరి పేరున ఉందో చెప్పే గడి కూడా ఆ ఫారంలో ఉంటుంది. అక్కడ డైరెక్టర్ పేరు రాసి ఉంది.

ఆ సర్వే నంబరుతో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ తీశాను. 2009లో ఆ డైరెక్టర్ సొంత పేరున కొన్న సేల్ డీడ్, ఆ తర్వాత బ్యాంకు తనఖా కనిపించాయి. కంపెనీకి అమ్మినట్టు ఎక్కడా లేదు. ఒక్క జాగ్రత్త: కంపెనీ పేరు మారి ఉంటే ఈసీలో పాత పేరే కనిపిస్తుంది. ఎంసీఏలో పాత పేరు చూసుకున్నాకే ఆ స్థలం కంపెనీది కాదని తేల్చండి.

అంటే కంపెనీ మీద కేసు గెలిచినా ఆ స్థలం మన చేతికి రాదు. బిల్డింగ్ మీద బ్యాంకు ముందుంటుంది. బాబాయి ఆ డైరెక్టర్‌తో వ్యక్తిగత గ్యారంటీ రాయించుకుని, అప్పు పరిమితి సగానికి తగ్గించాకే లారీ ఎక్కించారు.