అద్దం చుట్టూ ఉన్న అక్షరాలు చదివాకే డబ్బు పంపండి

*ప్రశ్న: ఆన్‌లైన్‌లో వాడిన వస్తువు కొంటున్నాను. ఫొటోతో వెతికితే అది అసలు ఏ మోడలో కచ్చితంగా తెలిసిపోతుందా?*

తెలియదు. పైగా ఆ ఫలితాలతోనే ఆగిపోతే తప్పుడు మోడల్ మీద నమ్మకం కుదిరిపోతుంది. నాకు దాదాపు అదే జరిగింది.

వీడియోల కోసం కానన్ 50 ఎంఎం లెన్స్ వెతుకుతున్నాను. 2015లో వచ్చిన ఎస్‌టీఎం రకమే కావాలి. 1990 నాటి రెండో రకం ఫోకస్ చేసేటప్పుడు గరగరమంటుంది, ఆ చప్పుడు వీడియోలో పడుతుంది. ఒకాయన ‘ఎస్‌టీఎం, కొత్తదానిలా ఉంది’ అని ప్రకటన పెట్టారు. ఆ ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే వరుసగా ఎస్‌టీఎం పేజీలే వచ్చాయి. రావా మరి! రెండూ నల్లటి పొట్టి గొట్టాలే. ఆ వెతుకులాట పట్టుకునేది ఆకారాన్ని, తరానికీ తరానికీ ఉన్న తేడాను కాదు.

అప్పుడు ఆ సెర్చ్‌లో ఫొటో మీద కనిపించే ఎంపిక గడిని కుదించి, లెన్స్ ముందు అద్దం చుట్టూ ఉన్న వలయం మీద మాత్రమే పెట్టాను. దాని మీది అక్షరాలను కాపీ చేస్తే `EF 50mm 1:1.8 11` అని వచ్చింది. పదకొండు ఎక్కడిది? ఫొటో పెద్దది చేసి చూస్తే అది రోమన్ రెండు, అంటే 1990 నాటి రెండో రకం. యంత్రం ఇలాగే సున్నాను ఓ అనీ, ఎనిమిదిని బి అనీ చదువుతుంది, కాబట్టి కాపీ చేసినదాన్ని కంటితో సరిచూడాల్సిందే. పక్కనే `ø52mm` అని ఉంది. అది ఫిల్టర్ కొలత. ఎస్‌టీఎంకు 49 ఉండాలి. సరిదిద్దిన `"EF 50mm 1:1.8 II"` ను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే పాత లెన్స్ వివరాలే వచ్చాయి.

అయినా వెనుక భాగం ఫొటో అడిగాను. ఎస్‌టీఎంకు కెమెరాకు బిగించే చోట లోహం ఉంటుంది, పాతదానికి ప్లాస్టిక్. వచ్చిన ఫొటోలో నల్లటి ప్లాస్టిక్! కొనలేదు.

అమ్మేవాళ్లతో నాకో పేచీ ఉంది. మూత తీయకుండా ఫొటో తీస్తారు, లేదా మోడల్ పేరు మీదే తమ పేరు ముద్ర వేస్తారు. అక్షరాలు కనిపించని ఫొటోకు నేనిప్పుడు బేరమే ఆడను. చాటింగ్‌లో పంపితే ఫొటో కుదించుకుపోయి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి, అందుకే డాక్యుమెంట్‌గా పంపమంటాను.

ఇంకొకటి. మోడల్ తేలినా, ఆ వస్తువు ఆయన చేతిలో ఉన్నట్టు కాదు. అదే ఫొటో ఇంతకుముందు ఎక్కడైనా ఉందా అని టిన్‌ఐ అనే ఫొటోలు వెతికే సైట్‌లో వెతికి, ఫలితాలను పాతవి ముందు వచ్చేలా అమర్చి చూడండి. ఏమీ దొరకకపోయినా, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి, వలయం మీది అక్షరాలు కనిపించేలా కొత్త ఫొటో తీసి పంపమనండి.