పే స్లిప్పు ఫోటోలో పాత పన్నా, కొత్త పన్నా?

ప్రశ్న: నా పే స్లిప్పు ఫోటో పెడుతున్నాను. హైదరాబాద్‌లో నెలకు 20,000 అద్దె కడతాను. 80సి కింద లక్షన్నర నిండుతుంది, ఆరోగ్య బీమాకు 25,000 అవుతుంది. 2025-26కి పాత విధానంలో ఎక్కువ మిగులుతుందా, కొత్త దానిలోనా?

జవాబు: జీతాల విభాగంలో పనిచేసినప్పుడు ఇలాంటి ఫోటోలు చాలా చూశాను. మొదట చేయాల్సింది కూడిక. మీ ఫోటోలో హెచ్‌ఆర్‌ఏ అంకె మసకగా ఉంది, 21,000 అని కూడా చదవవచ్చు. కానీ బేసిక్ 60,000, స్పెషల్ అలవెన్సు 36,000, మొత్తం 1,20,000 కాబట్టి అది 24,000 అయి తీరాలి. లెక్క ఈ మొత్తం నుంచే మొదలవుతుంది. చాలామంది చేతికొచ్చిన జీతంతో మొదలుపెడతారు. అందులో పీఎఫ్ అప్పటికే పోయి ఉంటుంది, దాన్ని 80సిలో మళ్లీ తీసేస్తే రెండుసార్లు తీసినట్టే. బోనసు, బకాయిలేమీ కలవని నెల కాబట్టి పన్నెండుతో గుణిస్తే సరిపోతుంది: 14,40,000.

కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 13,65,000 మిగులుతుంది. నాలుగు లక్షల దాకా పన్ను లేదు. తర్వాతి నాలుగు లక్షలకు 5 శాతం, ఆపై నాలుగింటికి 10, మిగిలిన 1,65,000కు 15 శాతం. అంతా 84,750, నాలుగు శాతం సెస్సుతో 88,140.

పాత దానిలో కాస్త నిదానంగా చూడాల్సింది హెచ్‌ఆర్‌ఏ. వచ్చిన 2,88,000 అంతా మినహాయింపు కాదు. అది, బేసిక్‌లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే మిగిలేది, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే. మీకు మూడోది తక్కువ: 2,40,000లోంచి 72,000 పోగా 1,68,000. దానికి స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సి 1,50,000, బీమా 25,000, వృత్తి పన్ను 2,400 కలిపితే మినహాయింపులు 3,95,400. మిగిలిన 10,44,600పై సెస్సుతో కలిపి పన్ను దాదాపు 1,30,900.

అంటే కొత్త విధానంలో మీకు సుమారు 42,800 ఎక్కువ మిగులుతుంది. పైగా పన్ను కోసమే కడుతున్న పాలసీలు ఉంటే, కొత్తవి తీసుకునే ముందు ఆలోచించండి. కొత్త విధానంలో వాటికి మినహాయింపు లేదు.

మీ జీతానికి పాత విధానం గెలవాలంటే మినహాయింపులు 5,78,750 దాటాలి. సొంత ఊళ్లో అద్దెకివ్వని మీ ఇంటి రుణంపై ఏటా రెండు లక్షల వడ్డీ కడుతుంటే ఆ గీత దాటుతారు, కానీ లాభం మూడున్నర వేలలోపే. అలాంటి రుణముంటే చెప్పండి. ఆఫీసులో ఏది రాసిచ్చినా రిటర్నులో మార్చుకోవచ్చు. అయితే పాతదాన్ని ఎంచుకోవాలంటే గడువులోపే రిటర్ను వేయాలి, ఆలస్యమైతే కొత్తదే వర్తిస్తుంది.